కారు తిరగడానికి ఎంత చోటు కావాలి?

ఇంటి ప్లాను చేతికి రాగానే మనం ముందుగా చూసేది హాలు ఎంత వచ్చింది, వంటగది ఎటు వచ్చింది, మెట్లు ఎక్కడ వేశారు అని. ముందు మూలలో ఒక పెట్టె గీసి, అందులో పైనుంచి చూసినట్టుగా కారు బొమ్మ పెట్టి ఉంటుంది. బొమ్మ పెట్టెలో చక్కగా ఇమిడింది కాబట్టి దాని గురించి ఎవరూ ఏమీ అడగరు. గృహప్రవేశం అయ్యాక అసలు సంగతి తెలుస్తుంది. రోజూ సాయంత్రం గేటు ముందు కారుని ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడించాలి. ఒకరు దిగి "రా, రా, ఆగు" అని చెయ్యి ఊపాలి. ఆరు నెలలు తిరిగేసరికి గేటు పిల్లరు మీద కారు రంగు, కారు వెనక తలుపు మీద పిల్లరు సున్నం అంటుకుని ఉంటాయి.

ఇలాంటి ఇళ్లలో చాలాచోట్ల పార్కింగ్ కొలత తప్పు కాదు. కారు నిలబడటానికి చోటు ఉంటుంది. వీధిలోంచి గేటులోకి మళ్లడానికే ఉండదు. ఈ రెండూ వేర్వేరు లెక్కలు. రెండో లెక్కని పిల్లర్లు పోయకముందే వేసుకోవాలి.

ముందు నిలబడే చోటు సంగతి చూద్దాం. మన దేశంలో ఒక కారు పార్కింగ్ అంటే వాడుకలో ఉన్న కొలత 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. అడుగుల్లో చెప్పుకుంటే 8 అడుగుల 2 అంగుళాలు, 16 అడుగుల 5 అంగుళాలు.  అపార్టుమెంట్ల సెల్లార్లలో, షాపింగ్ మాల్స్‌లో పసుపు గీతలు గీసేదీ దాదాపు ఇంతే. చిన్న ఇంటి ప్లానుల్లో 8 బై 16 అని కనిపించే అంకెకి మూలం ఇదే.

అయితే ఈ కొలత గీతల మధ్య కారు పెట్టడానికి ఉద్దేశించింది. మాల్‌లో మీ కారుకి రెండు పక్కలా ఉండేవి గీతలే, గోడలు కావు. తలుపు తెరిచినప్పుడు అది గీత దాటి పక్క కారు ముందున్న ఖాళీలోకి వెళ్తుంది. పక్కవాళ్లు దిగేటప్పుడు మీ ఖాళీ వాడుకుంటారు. అంటే ప్రతి బండీ తన చోటుతో పాటు పక్కదాన్ని కొంత అప్పు తీసుకుంటుంది. ఇంటి దగ్గర ఆ అప్పు పుట్టదు. ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క ఇంటి గోడ ఉంటాయి. అదే 8 అడుగుల చోటు గోడల మధ్యకి వచ్చేసరికి ఇరుకైపోతుంది.

లెక్క చూడండి. మారుతీ స్విఫ్ట్ వెడల్పు 1,735 మిల్లీమీటర్లు, అంటే 5 అడుగుల 8 అంగుళాలు. బ్రోషర్‌లో వేసే వెడల్పులో పక్క అద్దాలు కలవవు. అవి విప్పితే ఇంకో అరడుగు పైనే పెరుగుతుంది. మామూలు ఒళ్లున్న మనిషి ఇబ్బంది లేకుండా దిగాలంటే కారు పక్కకీ గోడకీ మధ్య 2 అడుగులు ఉండాలి. చంటిపిల్లని ఎత్తుకుని దిగాలన్నా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగాలన్నా తలుపు బాగా తెరుచుకోవాలి కాబట్టి 3 అడుగులు కావాలి. ఒక పక్క 3, ఇంకో పక్క 2 వేసుకుంటే 5 అడుగుల 8 అంగుళాల కారుకి గోడల మధ్య 10 అడుగుల 8 అంగుళాలు వస్తుంది. అందుకే రెండు పక్కలా గోడలుంటే లోపలి వెడల్పు 10 అడుగులకి తగ్గకూడదు, 11 ఉంటే హాయి అంటాను. ఒక పక్క గోడ లేకుండా వరండాకో ఖాళీకో తెరిచి ఉంటే 9 అడుగులతో సరిపెట్టుకోవచ్చు.

ఈ రోజున్న కారుని మాత్రమే చూసి కొలత పెట్టుకోకూడదు. మారుతీ 800 వెడల్పు 1,440 మిల్లీమీటర్లు ఉండేది. దాన్ని చూసి 1990ల్లో కట్టించిన పోర్టికోలు మన ఊళ్లన్నిటా ఉన్నాయి. ఇన్నోవా క్రిస్టా 1,830 మిల్లీమీటర్లు, స్కార్పియో-ఎన్ 1,917. ఒక్క తరంలో కారు అడుగున్నర లావెక్కింది, ఇల్లు మాత్రం అక్కడే ఉంది. పొడవుకి వచ్చేసరికి పన్ను నిబంధనలు మనకి కొంత మేలు చేశాయి. 4 మీటర్ల లోపు చిన్న కార్లకి పన్ను తక్కువ కాబట్టి డిజైర్, బ్రెజ్జా లాంటివి సరిగ్గా 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగాయి. అంటే 13 అడుగుల పైన ఓ అంగుళం. ఇన్నోవా క్రిస్టా అయితే 4,735 మిల్లీమీటర్లు, పదిహేనున్నర అడుగులు.

ఇక మళ్లే లెక్క.

ప్రతి కారు బ్రోషర్‌లోనూ కనీస టర్నింగ్ రేడియస్ అని ఒక అంకె ఉంటుంది. ఆల్టో కె10కి 4.5 మీటర్లు, స్విఫ్ట్‌కి 4.8, ఇన్నోవా క్రిస్టాకి 5.4. స్టీరింగ్‌ని ఒక వైపుకి పూర్తిగా తిప్పి, అలాగే పట్టుకుని మెల్లగా నడిపితే కారు గుండ్రంగా తిరుగుతుంది. ఆ గుండ్రంలో బయటి వైపు ముందు చక్రం గీసే వలయానికి వ్యాసార్ధం ఇది. కొన్ని చోట్ల టర్నింగ్ సర్కిల్ అని 9.6 మీటర్లు, 10.8 మీటర్లు అని రాస్తారు. అది వ్యాసం, రెట్టింపు అంకె. రెండు కార్లని పోల్చేటప్పుడు ఏది ఏదో చూసుకోకపోతే తికమక పడతాం.

ఆ అంకె చక్రానిది, కారుది కాదు. చక్రానికి ముందు బంపర్ ఉంది. కారు తిరుగుతున్నప్పుడు అందరికంటే బయటికి వెళ్లేది బంపర్ మూల. స్విఫ్ట్‌లో ముందు చక్రం 4.8 మీటర్ల వలయంలో తిరుగుతుంటే బంపర్ మూల సుమారు 5.3 మీటర్ల వలయం గీస్తుంది. అంటే అడుగున్నర ఎక్కువ. రోడ్డు అంచున కాలిబాట మెట్టు మాత్రమే ఉంటే బంపర్ దాని పైనుంచి పోతుంది, గోడ ఉంటే పోదు. ఇంటి దగ్గర మనకి ఎదురయ్యేది గోడే కాబట్టి ఇంటి లెక్కకి పనికొచ్చేది బంపర్ వలయం.

లోపలి వైపు సంగతి ఇంకా ముఖ్యం. ముందు చక్రాలు తిరుగుతాయి, వెనక చక్రాలు తిరగవు. అందుకే మలుపులో వెనక చక్రం ముందు చక్రం వెళ్లిన దారినే రాదు, మలుపు లోపలికి జరిగి అడ్డదారిన వస్తుంది. స్విఫ్ట్‌లో ముందు చక్రాల ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. పూర్తి మలుపులో లోపలి వైపు వెనక తలుపు దగ్గర కారు పక్క సుమారు 2.5 మీటర్ల వలయం గీస్తుంది. బయట 5.3, లోపల 2.5, రెంటికీ తేడా 2.8 మీటర్లు. నిటారుగా పోయేటప్పుడు 5 అడుగుల 8 అంగుళాలుండే కారు, మలుపులో 9 అడుగుల పట్టీని తుడుచుకుంటూ పోతుందన్నమాట. ఇన్నోవా లాంటి పొడుగు బండికి ఆ పట్టీ 10 అడుగులకి చేరుతుంది. గేటు పిల్లర్ల మధ్య 8 అడుగులు వదిలి "కారు ఆరడుగులే కదా, రెండడుగులు ఎక్కువే ఉంది" అనుకునేవాళ్లు ఈ పట్టీని చూడలేదు.

దీన్ని కాగితం మీద నమ్మబుద్ధి కాకపోతే ఒక పూటలో కళ్లారా చూడవచ్చు. ఊరి బయట ఏదైనా ఖాళీ మైదానానికి కారు తీసుకెళ్లండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మనిషి నడిచే వేగంలో పావు వలయం నడపండి. మనిషి కదిలే బండి పక్కన నడవడం క్షేమం కాదు కాబట్టి ప్రతి రెండు అడుగులకీ కారు పూర్తిగా ఆపండి. ఆగినప్పుడల్లా బయటి బంపర్ మూల కింద, లోపలి వెనక టైరు పక్కన నేల మీద ముగ్గు పిండితో చుక్క పెట్టించండి. కారు తీసేశాక చుక్కలు కలిపితే రెండు వంపు గీతలు వస్తాయి. వాటి మధ్య టేపు పెట్టి కొలవండి. టైరు కంటే కారు పక్క మూడు నాలుగు అంగుళాలు బయటికి ఉంటుంది కాబట్టి అంత కలుపుకోండి. ఇల్లు కట్టేవాళ్లకి ఆ రెండు వంపులు ఏ బ్రోషర్ కంటే ఎక్కువ చెబుతాయి. స్థలం దగ్గర మేస్త్రీ పునాదికి సున్నం గీతలు పోసే రోజునే గేటు పిల్లర్ల చోట రెండు ఇటుకలు నిలబెట్టి, సొంత కారునో తెలిసినవాళ్ల పెద్ద కారునో లోపలికి తోలించి చూడవచ్చు. ఇటుక పడితే మళ్లీ నిలబెట్టుకోవచ్చు, పోసిన పిల్లరుని జరపలేం.

ఇప్పుడు ఒక స్థలం తీసుకుని లెక్క పూర్తిగా వేద్దాం. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే 30 బై 40, అంటే 133 గజాల స్థలం. తూర్పు ముఖం. ముందు 20 అడుగుల రోడ్డు. ఈశాన్యం ఖాళీగా ఉంచాలని కారుకి ఆగ్నేయ మూల ఇచ్చారు. కారుకి దక్షిణాన ప్రహరీ, ఉత్తరాన ఇంటి గోడ. కారు స్విఫ్ట్.

రోడ్డు 20 అడుగులన్నది కాగితం మీద మాట. ఎదురింటివాళ్ల కారు వాళ్ల గోడ పక్కన ఆగి ఉంటుంది. దానికి 6 అడుగులు పోతే మన గేటు నుంచి మిగిలేది 14 అడుగులు. ఎదుటివైపు ర్యాంపో, కరెంటు స్తంభమో ముందుకొచ్చి ఉంటే ఇంకొంచెం పోతుంది. కాబట్టి మన గేటు గీత నుంచి ఎదురుగా మొదటి అడ్డం వరకు టేపు పెట్టి కొలవాలి. ఆ కొలత రాత్రి 9 గంటలకి తీసుకోవాలి, ఎందుకంటే అప్పటికి వీధిలో కార్లన్నీ ఇంటికి చేరతాయి.

ముందు వైపు నుంచి నేరుగా లోపలికి పోవాలంటే ఏం జరుగుతుందో చూడండి. మలుపు తిరుగుతూనే గేటు దాటాలి. అంటే 9 అడుగుల పట్టీ మొత్తం గేటులోంచి పోవాలి. బంపర్ మూల బయటి పిల్లరుని, వెనక తలుపు లోపలి పిల్లరుని తప్పించుకోవాలి. ఒక్కో పక్క అడుగు చొప్పున వదులు వేసుకుంటే గేటు 11 అడుగులు ఉండాలి. అప్పుడు కూడా ఎదురుగా 15 అడుగుల రోడ్డు కావాలి. మనకి ఉన్నది 14.

అదే కారు వెనక్కి పోతే లెక్క మారిపోతుంది. రివర్స్‌లో ముందుగా గేటులోకి పోయేవి వెనక చక్రాలు. వెనక భాగం పట్టాలు వేసినట్టు చిన్న వలయంలో లోపలికి దూరుతుంది. విశాలంగా ఊగేది కారు ముందు భాగం. అది ఊగేది వీధిలో, చోటున్న వైపు. బంపర్ మూల రెండు పిల్లర్ల మధ్యకి వచ్చేసరికి కారు దాదాపు నిటారుగా అయిపోయి ఉంటుంది. లెక్క వేస్తే గేటు 8 అడుగుల 2 అంగుళాలు ఉన్నా ఎదురుగా 14 అడుగుల చోటుంటే స్విఫ్ట్ ఒకేసారిలో లోపలికి వెళ్తుంది. ఇది స్టీరింగ్‌ని సరిగ్గా ఒక్క చోట మొదలుపెట్టి పూర్తిగా తిప్పగలిగితేనే. వానలో, చీకట్లో అది కుదరదు, రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాల్సిందే. గేటుని 10 అడుగులు చేస్తే వీధిలో 12 అడుగులు చాలు. మనకి 14 ఉన్నాయి కాబట్టి చెయ్యి తిరగనివాళ్లు కూడా పెట్టగలరు.

నాకు ఈ లెక్క మొత్తంలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ మార్పిడి. గేటుని 8 నుంచి 10 అడుగులకి పెంచితే వీధి 2 అడుగులు వెడల్పైనట్టు లెక్క. వీధిని మనం వెడల్పు చేయలేం, గేటుని చేయగలం. ఇన్నోవా కొనే ఆలోచన ఉంటే గేటు 10 అడుగులకి వీధిలో 14 కావాలి, గేటు 11 అయితే 13 సరిపోతుంది. అందుకే ఇలాంటి స్థలంలో 11 అడుగుల గేటు పెట్టించమంటాను. 30 అడుగుల ముఖంలో 11 గేటుకి పోయినా ఈశాన్యంలో మనుషులు నడిచే 3 అడుగుల చిన్న గేటుకీ, మధ్యలో ప్రహరీకీ చోటు మిగులుతుంది.

రివర్స్ అని ఖాయం చేసుకున్నాక వీధిలో ఎటునుంచి రావాలన్నది చూడాలి. చాలా ప్లానులు దీన్ని పట్టించుకోవు. మన కార్లలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు. ఈ ఇంట్లో రివర్స్‌లో పెట్టిన కారు ముఖం తూర్పుకి ఉంటుంది. డ్రైవరు తలుపు దక్షిణాన, ప్రహరీ వైపు వస్తుంది. ముందుగా తోలిపెడితే ముఖం పడమరకి తిరిగి, అదే తలుపు ఇంటి వైపు వస్తుంది. అంటే 3 అడుగుల ఖాళీ ఏ పక్క వదలాలన్నది కారు ఎలా పెడతామన్నదాన్ని బట్టి మారుతుంది. ఇంటి గోడ పక్కన ఎక్కువ వదిలి, ప్రహరీకి ఆనించి పెట్టేలా గీసిన ప్లానులో రివర్స్ చేసిన డ్రైవరు ఎడమ సీటు మీదుగా పాక్కుంటూ దిగాలి.

ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తూ, గేటు దాటి ఆగి, కుడికి తిప్పుతూ వెనక్కి వచ్చామనుకోండి. మలుపు లోపలి పిల్లరు దక్షిణపుది అవుతుంది. డ్రైవరు కుడి పక్కనే ఉన్నాడు కాబట్టి ఆ పిల్లరు, వెనక చక్రం రెండూ అతని అద్దంలో కనిపిస్తూనే ఉంటాయి. కారు సహజంగా ఇంటి గోడ వైపుకి జరిగి నిలుస్తుంది, డ్రైవరు తలుపు దగ్గర ఖాళీ తనంతట తనే మిగులుతుంది. దక్షిణం నుంచి వస్తే దీనికి సరిగ్గా తలకిందులు. లోపలి పిల్లరు ఎడమ పక్క, కనిపించని మూల అవుతుంది. కారు ప్రహరీ వైపు జరిగి నిలుస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఉత్తరం నుంచి వచ్చి వెనక్కి తిప్పే ముందు కారు నిలిచేది దక్షిణపు పొరుగింటి ముందు. అక్కడ వాళ్ల బండి ఎప్పుడూ ఆగి ఉంటే ఈ పద్ధతి పనిచేయదు, రెండో వైపు నుంచి రావడానికి వీలుగా ఉత్తరపు పిల్లరుని జరపాలి.

గేటు రెక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. 11 అడుగుల గేటుకి రెండు రెక్కలంటే ఒక్కోటి ఐదున్నర అడుగులు. రోడ్డు మీదికి తెరవకూడదు కాబట్టి లోపలికే తెరుచుకోవాలి. కారు లోపల పెట్టాక గేటు మూయాలంటే ఆ ఐదున్నర అడుగులు కారు ముందు ఖాళీగా ఉండాలి. కారు 13 అడుగులు, వెనక గోడకి ఒక అడుగు, ముందు ఐదున్నర కలిపితే దాదాపు 20 అడుగుల పొడవు. ప్లానులో 16 అడుగులే ఇచ్చి ఉంటే గేటు మూతపడదు, సగం తెరిచిన గేటుకి గొలుసు కట్టి పడుకోవాల్సి వస్తుంది. పక్కకి జరిగే స్లైడింగ్ గేటు అయితే ఈ పొడవు మిగులుతుంది. దానికి ప్రహరీ వెంబడి 11 అడుగుల ఖాళీ గోడ కావాలి, కింది పట్టాలో మట్టి చేరకుండా వానాకాలంలో ఊడ్చుకుంటూ ఉండాలి. నాలుగు మడతల గేటు మధ్యేమార్గం.

తెరిచిన రెక్క ఎక్కడ ఆగుతుందన్నది ఇంకో చిక్కు. మలుపు లోపలి వైపు రెక్క 90 డిగ్రీల దగ్గర ఆగి నిలబడితే, అది పిల్లరుని ఐదున్నర అడుగులు లోపలికి పొడిగించినట్టే. సరిగ్గా అక్కడే కారు పక్క తిరుగుతూ వస్తుంది. పిల్లరుని తప్పించుకున్న తలుపు గేటు గొళ్లేనికి గీసుకుపోతుంది. వీలున్న పక్క రెక్క పూర్తిగా వెనక్కి వెళ్లి ప్రహరీకి ఆనుకునేలా కీలు పెట్టించుకోవాలి. ఈ ఇంట్లో ఉత్తరపు రెక్కకి ఆ వీలుంది. దక్షిణపు రెక్క ఆనుకునేది పక్క ప్రహరీకే కాబట్టి, అటు గేటు పిల్లరుని ఆ గోడలో కలిపేసి, రెక్క మందం మూడు అంగుళాలు వెడల్పులోంచి తీసేసి లెక్క వేసుకోవాలి.

ఇంత లెక్క వేసినా, పని జరిగే చోట అంగుళాలు మాయమవుతాయి. ప్లానులో 10 అడుగులని రాసింది పిల్లరు మధ్య నుంచి పిల్లరు మధ్యకి కావచ్చు. 9 అంగుళాల పిల్లర్లయితే రెండు సగాలు కలిపి 9 అంగుళాలు పోయాయి. ప్లాస్టరింగ్‌కి రెండు పక్కలా కలిపి అంగుళంన్నర. ఆ తర్వాత ఎవరో ముచ్చటపడి గేటు పిల్లర్లకి రాయి అతికిస్తారు, మరో రెండు మూడు అంగుళాలు. పదడుగుల గేటు చివరికి 9 అడుగులకి దిగుతుంది. మేస్త్రీకి చెప్పేటప్పుడు "అన్నీ అయిపోయాక లోపలి నుంచి లోపలికి ఇంత" అని చెప్పాలి. ఆ మాటే ప్లాను మీద రాయించాలి. పోర్టికోలోకి పొడుచుకొచ్చే కుళాయి పైపు, మీటరు పెట్టె, వరండా మెట్టు కూడా వెడల్పుని తినేవే. కారు కింద నీళ్ల సంపు ఉంటే దాని మూత చక్రం దారిలో రాకుండా, వచ్చినా బరువు ఓర్చేలా ఉండాలి. ఎత్తుకి పెద్ద ఇబ్బంది లేదు, బీము కింద 8 అడుగులుంటే ఇన్నోవా డిక్కీ తలుపు కూడా లేస్తుంది.

ర్యాంపు గురించి ఒక్క మాట. రోడ్డు కంటే ఇల్లు 2 అడుగులు ఎత్తుంటే, 1కి 8 వాలు లెక్కన ర్యాంపు 16 అడుగులు పోవాలి. దాన్ని 5 అడుగుల్లో కుదిస్తే కారు పొట్ట గీసుకుంటుంది. రోడ్డు మీదికి పొడిగిస్తే కాలువ మూసుకుపోతుంది, మునిసిపాలిటీ వాళ్లు పగలగొడతారు. పార్కింగ్ నేలని మాత్రం రోడ్డుకి అరడుగు ఎత్తులో ఉంచి, మిగతా ఎత్తుని వరండా మెట్లలో ఎక్కించుకోవడం మేలు. మలుపు తిరిగే చోటే నిటారు వాలు ఉంటే ఒక చక్రం గాలిలోకి లేచినంత పనై కారు జారుతుంది కూడా.

ఇల్లు కట్టేశాక ఇదంతా చదువుతున్నవాళ్లు రెండు పనులు చేయవచ్చు. మొదటిది, గోడ ముట్టుకోకముందు వేరే వైపు నుంచి వచ్చి రివర్స్‌లో పెట్టి చూడటం. అప్పుడు కూడా కుదరకపోతే పిల్లరు మీద గీతలు ఎక్కడున్నాయో చూడండి. గీతలు ఒకే పిల్లరు మీద, నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులో ఉండి, కారుకి వెనక తలుపు, వెనక చక్రం పైభాగం దెబ్బతిని ఉంటే అది మలుపు లోపలి పిల్లరు. దాన్ని జరపాలి. బంపర్ మూల మీద దెబ్బలుంటే బయటి పిల్లరో, ఎదుటి గోడో అడ్డు. గేటు పిల్లరు సాధారణంగా ఇంటి బరువు మోయదు, ప్రహరీలో భాగమే. అయినా పైన స్లాబు గాని సన్‌షేడ్ గాని దాని మీద ఆనిందేమో ఇంజినీరుకి చూపించాకే ముట్టుకోవాలి. లోపలి పిల్లరు ఒక్కటి రెండడుగులు జరిపితే చాలు, రెండూ పడగొట్టక్కర్లేదు. జరపడానికి చోటు లేకపోతే గేటునే వీధి నుంచి మూడడుగులు లోపలికి తీసుకుని, రెండు పక్కలా ప్రహరీని ఏటవాలుగా కలపవచ్చు. వీధి మూడడుగులు పెరిగినట్టవుతుంది, లోపల పొడవు మూడడుగులు తగ్గుతుంది. 13 అడుగుల కారుకి ఆ పొడవు మిగిలిందో లేదో, గేటు రెక్క లెక్కతో సహా, ముందే చూసుకోవాలి.